పేరు చదివితే ఫలితం తెలియాలి

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆన్‌లైన్ క్లాసుల పోస్టర్లను ఒకసారి వరసగా చూడండి. ‘టైలరింగ్ మాస్టర్ క్లాస్’, ‘స్పోకెన్ ఇంగ్లిష్ - బేసిక్ టు అడ్వాన్స్’, ‘మిద్దెతోటపై సంపూర్ణ అవగాహన’, ‘జీఎస్టీ వెబినార్ సిరీస్’. ఏ సబ్జెక్టో తెలుస్తుంది. ఫీజు, తేదీ, టీచరు ఫోటో కూడా ఉంటాయి. డబ్బు కట్టి, ఆదివారం పనులు మానుకుని కూర్చున్న మనిషికి చివరి రోజుకి ఏం చేయడం వస్తుందో మాత్రం ఆ పేర్లలో ఎక్కడా కనిపించదు.

మన దగ్గర ఈ పని ఎప్పుడో చేసి చూపించిన పుస్తకాలున్నాయి. బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో అమ్మే ‘30 రోజుల్లో హిందీ’, ‘30 రోజుల్లో ఇంగ్లీషు’ తరహా పుస్తకాలు గుర్తున్నాయి కదా? ఆ పేరులో ఏం వస్తుందో ఉంది, ఎన్నాళ్లకి వస్తుందో ఉంది. ఊరు మారబోతున్నవాడు అట్ట చూసి కొనేవాడు. లోపలి పేజీ తిప్పాల్సిన పని ఉండేది కాదు. అయితే ‘హిందీ వస్తుంది’ అంటే ఎంత వస్తుంది? కూరల కొట్లో బేరమాడేంతా, ఆఫీసులో దరఖాస్తు రాసేంతా? ఆ సంగతి అట్ట చెప్పేది కాదు. ఈనాటి కోర్సు పేర్లు ముందుకు వెళ్లాల్సింది సరిగ్గా ఇక్కడి నుంచే.

రాబర్ట్ మేగర్ అనే అమెరికన్ 1962లో, పాఠం లక్ష్యాన్ని ఎలా రాయాలన్న విషయం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు ఇప్పటికీ దాని ప్రస్తావన తెస్తుంటారు. అందులోని ముఖ్యమైన మాట చాలా సులువైనది. లక్ష్యం అంటే టీచరు ఏం చెబుతాడన్నది కాదు, నేర్చుకున్నవాడు ఏం చేసి చూపిస్తాడన్నది. దాన్ని రాసేటప్పుడు మూడు సంగతులు తేలాలి: ఏం చేస్తాడు, ఏమేం దగ్గర ఉంచుకుని చేస్తాడు, ఎంత బాగా చేస్తే వచ్చినట్టు. ‘తెలుసుకోవడం’, ‘అర్థం చేసుకోవడం’ లాంటి మాటలతో మేగర్‌కి పేచీ. అవి ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతాయి, పైగా తెలిసిందో లేదో బయటికి కనిపించదు. రాయడం, కట్టడం, విప్పి బిగించడం లాంటివైతే పక్కనున్నవాళ్లు కూడా చూసి చెప్పగలరు.

ఆయన ఇదంతా పాఠ్యప్రణాళికల కోసం చెప్పాడు. కోర్సు పేరుకీ ఇదే కొలబద్ద సరిపోతుందని నా నమ్మకం. ఎలాగో ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచీ చివరి దాకా చూద్దాం.

చిన్న పట్టణంలో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న ఒక టైలరమ్మ ఉందనుకుందాం. జూమ్‌లో ఆదివారం క్లాసులు చెబుదామనుకుంది. మొదట తట్టిన పేరు ‘ఆన్‌లైన్ టైలరింగ్ క్లాసులు’. ఆ పేరు చూసి ఎవరెవరు వస్తారు? సూదిలో దారం ఎక్కించడం రానివాళ్లు వస్తారు. ఇంట్లో పిల్లలకి గౌన్లు కుట్టుకుందామనుకునే తల్లి వస్తుంది. మగ్గం వర్క్ నేర్పుతారేమోనని ఇంకొకామె, షాపు పెట్టే ఆలోచనతో మరొకామె చేరతారు. మొదటి క్లాసులో టేపు పట్టుకోవడం చెబితే సగం మందికి విసుగు. మూడో క్లాసులో చంక రౌండు గీయిస్తే మిగతా సగానికి అయోమయం. పాఠం బాగానే ఉంది. కానీ ఒక్కొక్కరు ఒక్కో పని కోసం వచ్చారు, పేరు అందరికీ ‘రండి’ అనే చెప్పింది.

పేరు పెట్టడానికి ఆమె చివరి రోజు నుంచి వెనక్కి రావాలి. ఆఖరి క్లాసు అయ్యాక నేర్చుకున్నావిడ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాలి. అందులో ఏముండాలి? ‘తను కుట్టుకున్న లైనింగ్ బ్లౌజ్ తొడుక్కున్న ఫోటో.’ సరే, ఆ బ్లౌజ్ ఏ కొలతలతో కత్తిరించింది? ఒంటి మీద టేపు పెట్టి కొలతలు తీసుకోవడం వేరే విద్య, దానికి చేయి తిరగాలి. తెలుగిళ్లలో టైలరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆది జాకెట్టు పట్టుకెళ్లడం అలవాటు కాబట్టి, బాగా సరిపోయే ఆది జాకెట్టు ఒకటి చాలామంది దగ్గర ఉంటుంది. దాని నుంచి కొలతలు తీయడం ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగిన పని. కుట్టింది బాగా వచ్చిందని ఎలా తెలుస్తుంది? భుజం జారకూడదు, చంక పట్టేయకూడదు, చేయి పైకెత్తితే కింద పట్టీ పైకి లేవకూడదు.

మేగర్ అడిగిన మూడూ ఇక్కడ దొరికాయి. చేసే పని, బ్లౌజ్ కత్తిరించి కుట్టడం. దగ్గర ఉండాల్సింది, ఆది జాకెట్టు. ఎంత బాగా అంటే, భుజం జారకుండా, చంక పట్టకుండా. మొదటి రెండూ పేరులో పడతాయి: ‘మీ ఆది జాకెట్టుతో లైనింగ్ బ్లౌజ్ మీరే కత్తిరించి కుట్టుకోండి’. మూడోది పేరు కింద చిన్న అక్షరాల వరసలోకి వెళుతుంది. అదే వరసలో ‘మిషన్ తొక్కడం వచ్చినవాళ్లకి. ఆరు ఆదివారాలు, రోజుకి ఒక గంట సాధన’ అని కూడా ఉండాలి. ఎవరు చేరకూడదో చెప్పే మాట అది. దాన్ని దాచిపెడితే మిషన్ రానివాళ్లు డబ్బు కట్టి, రెండో వారానికే ఆగిపోతారు.

ఆ పేరులో ‘కుట్టుకోండి’ అన్న చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. ‘కుట్టడం ఎలా?’ అని పెట్టినా విషయం తెలుస్తుంది. కానీ అది పద్ధతి చెబుతామన్న మాట, చేయిస్తామన్న మాట కాదు. ‘కుట్టుకోండి’ అంటే తన కోసం. ‘కుట్టివ్వండి’ అంటే ఇంకొకరి కోసం. తెలుగు క్రియకి ఈ తేడా పుట్టుకతో ఉంది, కోర్సు పేరు పెట్టేవాళ్లకి అది పెద్ద వరం. ‘కస్టమర్ ఆది జాకెట్టు చూసి బ్లౌజ్ కుట్టివ్వండి’ అని పెడితే పూర్తిగా వేరే కోర్సు తయారవుతుంది. అందులో రకరకాల ఒళ్లకు సర్దుబాట్లు నేర్పాలి, తక్కువ టైములో కుట్టడం నేర్పాలి, ఆల్టరేషన్ కోసం లోపల ఎంత గుడ్డ వదలాలో చెప్పాలి, మజూరీ ఎలా లెక్క కట్టాలో చెప్పాలి. ఆరు ఆదివారాలు సరిపోవు. ఒక్క క్రియ మార్చితే వచ్చే జనం మారతారు, చెప్పాల్సిన పాఠం మారుతుంది.

ఇలా కుదిరిన పేరు వెంటనే సిలబస్ మీద పనిచేయడం మొదలుపెడుతుంది. మన టైలరమ్మ మొదట రాసుకున్న పాఠాల్లో మిషన్ భాగాల పేర్లు, గుడ్డల రకాలు, ప్రిన్సెస్ కట్, మగ్గం వర్క్ పరిచయం ఉన్నాయనుకోండి. ఒక్కోదాన్నీ పట్టుకుని ఒకే ప్రశ్న అడగాలి: ఇది లేకపోతే ఆ బ్లౌజ్ పూర్తవదా? మగ్గం లేకపోయినా పూర్తవుతుంది, తీసేయాలి. ప్రిన్సెస్ కట్ ఇంకో కోర్సు. గుడ్డల రకాల్లో ఒక్క సంగతి మాత్రం తప్పనిసరి: కాటన్ లైనింగ్‌ని కత్తిరించే ముందు నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే లోపలి గుడ్డ కుంచించుకుపోయి, పైగుడ్డ ముడతలు పడుతుంది. అందుకని అది మొదటి ఆదివారమే చెప్పి, రెండో ఆదివారానికి నానబెట్టి ఆరేసిన గుడ్డతో రమ్మనాలి.

ఇంకో లోటు కూడా బయటపడుతుంది. మొదటి సిలబస్‌లో అంతా కటింగూ కుట్టూ, చివర్లో తొడుక్కుని చూసి సరిచేసుకోవడానికి చోటు లేదు. పేరు ‘కుట్టుకోండి’ అంటోంది కాబట్టి, కుట్టింది ఒంటికి సరిపోవాలి. చంక దగ్గర ముడత వస్తే ఎక్కడ విప్పాలో, భుజం జారితే ఎంత లోపలికి పట్టాలో చెప్పడానికి ఆరో ఆదివారం మొత్తం ఉంచాలి. ఈ లోటు పేరు పెట్టేటప్పుడే కనబడింది కాబట్టి సరిపోయింది. లేకపోతే మొదటి బ్యాచ్ కనిపెట్టి చెప్పేది.

కోర్సుకి, వెబినార్ సిరీస్‌కి ఒక తేడా ఉంది. కోర్సులో చేరినవాళ్లు మొదటి నుంచీ చివరి దాకా వస్తారని అనుకుంటాం. వెబినార్లకి అలా రారు. మూడోదానికి చేరతారు, నాలుగోది మానేస్తారు, ఐదోదాని రికార్డింగు అడుగుతారు. అందుకని సిరీస్‌కి ఒక పేరున్నా, ప్రతి వెబినార్‌కీ దాని ఫలితం దానికి ఉండాలి. ‘సెషన్ 1: పరిచయం’, ‘సెషన్ 2: కొలతలు’ అంటే చూసేవాడికి ఏమీ తేలదు. గంటన్నరలో నిజంగా పూర్తయ్యే పని ఏదో దాన్నే పేరుగా పెట్టాలి. ‘ఆది జాకెట్టు నుంచి తొమ్మిది కొలతలు రాసుకోండి’ అంటే అది ఒక వెబినార్: పొడవు, ఛాతీ, నడుము, భుజం, చంక చుట్టు, ముందు మెడ లోతు, వెనక మెడ లోతు, చేతి పొడవు, చేతి చుట్టు. గంటన్నర అయ్యేసరికి చేతిలో రాసుకున్న కాగితం ఉంటుంది. ‘మీ కొలతలకి పేపర్ కటింగ్ గీసుకోండి’ రెండోది. ‘చేతులు ముడత పడకుండా ఎక్కించండి’ ఇంకోటి. ఆ చివరిదాన్ని చూసి, బ్లౌజ్ కుట్టడం వచ్చి కూడా చేతుల దగ్గరే ఇబ్బంది పడుతున్నావిడ ఆ ఒక్కదానికే వస్తుంది. రావాల్సిందే. ఆమెకి కావలసింది అదే.

ఒక వెబినార్‌కి ‘గంటన్నరలో బ్లౌజ్ కుట్టుకోండి’ అని పెట్టడం మాత్రం తప్పు. టీచరు కుట్టి చూపించగలదు, చూసేవాళ్లు కుట్టుకోలేరు. చూపించడమే ఉద్దేశమైతే ‘లైనింగ్ బ్లౌజ్ మొదలు నుంచి చివరి దాకా కుట్టడం చూడండి’ అనాలి. అది కూడా నిజాయితీగా ఫలితం చెప్పే పేరే.

ఇక పేరు ఎంత పొడవుండాలి? ఇక్కడ తెలుగు లిపికి ఒక చిక్కుంది. కంప్యూటరు మన గుణింతాల్ని, వత్తుల్ని విడివిడిగా లెక్కపెడుతుంది. ‘బ్లౌజ్’ మన కంటికి రెండక్షరాలు, దానికి ఆరు. ‘మీ లైనింగ్ బ్లౌజ్ మీరే కుట్టుకోండి’ అనేది మనకి పన్నెండక్షరాల పేరు. ఖాళీలతో కలిపి కంప్యూటరు 34 అంటుంది. ఉడెమీలో కోర్సు పేరుకి 60 క్యారెక్టర్ల పరిమితి. మనం పైన అనుకున్న ఆది జాకెట్టు పేరు సరిగ్గా 60 దగ్గర ఆగుతుంది. ఇంకొక్క అక్షరం పెరిగినా పట్టదు. యూట్యూబ్‌లో 100 దాకా రాయనిస్తారు కానీ ఫోన్లో వీడియోల వరసలో అంతా కనిపించదు, మధ్యలో చుక్కలు పడతాయి.

ఆ చుక్కల వల్ల తెలుగుకి జరిగే నష్టం ఎక్కువ. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. పేరు తెగిపోతే ముందుగా పోయేది క్రియే, అంటే ఫలితమే. ‘ఫలానా అకాడమీ వారి ఆదివారం ప్రత్యేక ఆన్‌లైన్ వెబినార్ సిరీస్ పార్ట్ 3: లైనింగ్ బ్లౌజ్…’ అని తెగితే మిగిలింది ముఖద్వారం మాత్రమే, ఇల్లు కనిపించదు. అందుకని సంస్థ పేరు, వారం పేరు, ‘ప్రత్యేక’, ‘ఉచిత’, ‘ఆన్‌లైన్’ అన్నీ పేరు ముందు నుంచి తీసేయాలి. చేతికొచ్చే వస్తువు మొదట్లో రావాలి, క్రియ వీలైనంత త్వరగా రావాలి. పొట్టి పేరు, పొడుగు పేరు రెండూ రాసుకుని, తెగే చోట పొట్టిది వాడటం మంచిది. ‘కత్తిరించి’, ‘ఆది జాకెట్టుతో’ అనేవి కింది వరసలోకి వెళ్లినా పెద్ద నష్టం లేదు. ‘బ్లౌజ్’, ‘కుట్టుకోండి’ మాత్రం పోకూడదు. పేరు పెట్టాక దాన్ని మన ఫోన్లోకే పంపుకుని, గ్రూపు నోటిఫికేషన్లో ఎంతవరకు కనబడుతుందో చూసుకుంటే సరిపోతుంది.

ఫలితం చెప్పమన్నారు కదా అని కొందరు ఇంకో దారిలో వెళతారు. ‘టైలరింగ్‌తో ఇంట్లోంచే నెలకు 30 వేలు’. ఇదీ ఫలితమే కదా అంటారు. కాదు. బ్లౌజ్ సరిగ్గా కుట్టడం టీచరు, నేర్చుకునేవాళ్లు కలిసి సాధించగలిగింది. నెలకి ఎన్ని జాకెట్లు వస్తాయో, ఆ వీధిలో మజూరీ ఎంత పలుకుతుందో, పెళ్లిళ్ల సీజను ఎన్నాళ్లుందో వాళ్లిద్దరి చేతిలోనూ లేదు. ఉద్యోగం, ర్యాంకు, తగ్గే బరువు, వచ్చే ఆదాయం - ఇవన్నీ మూడో మనిషి చేతిలోనో, శరీరం చేతిలోనో, బజారు చేతిలోనో ఉండేవి. పేరులో పెట్టకూడదు.

ఇది మంచితనానికి సంబంధించిన విషయమే కాదు, చట్టానిది కూడా. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటన ఇచ్చినవాళ్లకి మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయడానికి వీలిస్తుంది. కోచింగ్ సెంటర్ల కోసం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. ఎంపిక గ్యారంటీ, ర్యాంకు గ్యారంటీ లాంటి అబద్ధపు హామీలకి అవి అడ్డుకట్ట. చిన్న టైలరింగ్ క్లాసు ఆ మార్గదర్శకాల కిందకి రాకపోవచ్చు కానీ, డబ్బు తీసుకుని చెప్పే ఏ సేవకైనా పాత చట్టం వర్తిస్తుంది.

రోజుల లెక్క కూడా ఇలాంటిదే, జాగ్రత్తగా వాడాలి. ‘21 రోజుల్లో’ అంటే వినసొంపుగా ఉంటుంది. రోజుకి పదిహేను నిమిషాలు కూర్చున్నా 21 రోజులే, మూడు గంటలు కూర్చున్నా 21 రోజులే. ఎన్ని క్లాసులు, మధ్యలో ఇంట్లో ఎంత సాధన అన్నది రాస్తే చేరాలనుకునేవాళ్లు తమ వారంలో అంత తీరిక ఉందో లేదో చూసుకుంటారు. అందుకే పైన ‘ఆరు ఆదివారాలు, రోజుకి ఒక గంట’ అన్నాం.

అన్నిటికీ ఇలా చేతికొచ్చే వస్తువు ఉండదు. పోతన భాగవతం మీద ఎనిమిది వారాల ఉపన్యాసాలు పెడితే వినేవాడికి దొరికేది ఫోటో తీసి పంపేది కాదు. అక్కడ బలవంతంగా ‘8 వారాల్లో భాగవతంపై పట్టు’ అనడం నాకు రుచించదు. అలాంటి చోట ఏం చదువుతామో సూటిగా చెబితే చాలు: ‘గజేంద్రమోక్షం పద్యాలు అర్థంతో కలిసి చదువుదాం’. వచ్చినవాడు ఆ పద్యాల్ని తనంతట తాను చదువుకోగలిగితే అదే ఫలితం, అంతకు మించి ఆ పేరు ఏమీ మోయక్కర్లేదు.

పేరు కుదిరిందో లేదో పరీక్షించడానికి డబ్బు ఖర్చు అక్కర్లేదు. క్లాసులో చేరే అవకాశం ఉన్న నలుగురైదుగురికి పేరు ఒక్కటే చదివి వినిపించాలి. పోస్టరు చూపించకూడదు, వివరించకూడదు. ‘ఇది అయ్యాక నీకు ఏం చేయడం వస్తుందనుకుంటున్నావు?’ అని అడిగి, వాళ్ల మాటల్నే రాసుకోవాలి. అందరూ దాదాపు ఒకటే చెబితే పేరు పనిచేస్తున్నట్టు. ఒకామె ‘మగ్గం కూడానా?’ అంటే, ఇంకొకామె ‘డ్రెస్సులు కూడా నేర్పుతారా?’ అంటే పేరులో ఎక్కడో వదులుంది. ‘బాగుంది’ అన్న జవాబుతో మాత్రం ఏ ఉపయోగమూ లేదు. ఈ పరీక్ష చుట్టాల మీద చేయకుండా ఉండటం మేలు. వాళ్లు మనల్ని చూసి జవాబు చెబుతారు.

రెండో సూచన ఫోన్లోనే దొరుకుతుంది. చేరే ముందు జనం పంపే సందేశాల్ని దాచుకోవాలి. ‘మిషన్ రాకపోయినా పర్లేదా మేడం?’ అన్న ప్రశ్న పదేపదే వస్తుంటే కింది వరసలోని ఆ మాట కనబడటం లేదన్నమాట, దాన్ని పైకి తేవాలి. ‘ప్రిన్సెస్ కట్ ఉంటుందా?’ అని అడిగేవాళ్లు ఎక్కువైతే ఆ పేరుతో ఇంకో కోర్సుకి గిరాకీ ఉన్నట్టు. దాన్ని ఇందులో కలపబోయి ఆరు ఆదివారాల్ని పాడుచేసుకోకూడదు.

మూడోది, అన్నిటికన్నా గట్టిది, మొదటి బ్యాచ్ పంపే ఫోటోలు. చేరినవాళ్లలో ఎంతమంది బ్లౌజ్ పూర్తి చేశారు, మిగతావాళ్లు ఎక్కడ ఆగారు? ఎక్కువమంది చేతులు ఎక్కించే దగ్గరే ఆగిపోతే రెండు దారులున్నాయి. పేరు అలాగే ఉంచి ఎనిమిది ఆదివారాలు చేయడం ఒకటి. వారాలు పెంచడం కుదరకపోతే పేరు తగ్గించడం: ‘ఆది జాకెట్టుతో లైనింగ్ బ్లౌజ్ కటింగ్ మీరే చేసుకోండి’. కుట్టు వేరే కోర్సవుతుంది. చెప్పింది పూర్తిగా జరిగే చిన్న పేరు, సగం జరిగే పెద్ద పేరు కన్నా నాకు చాలా ఎక్కువ గౌరవం కలిగిస్తుంది.

మార్పు ఏదైనా కొత్త బ్యాచ్ నుంచే జరగాలి. పాత పేరు చూసి డబ్బు కట్టినవాళ్లకి ఆ పేరు చెప్పిన బ్లౌజ్ పూర్తి చేయించే బాధ్యత అలాగే ఉంటుంది, దానికోసం రెండు ఆదివారాలు అదనంగా కూర్చోవలసి వచ్చినా సరే. సర్టిఫికెట్ ఇచ్చే అలవాటుంటే దాని మీద వాళ్లు చేరిన నాటి పేరే రాయాలి. ఆ బ్లౌజ్ ఫోటో రానివాళ్లకి ‘హాజరయ్యారు’ అని రాసివ్వాలి తప్ప ‘పూర్తి చేశారు’ అని కాదు.